మూసేసిన ఖాతాకు వెళ్ళి వెనక్కొచ్చిన రిఫండును మళ్ళీ తెప్పించుకోవడం

ప్రశ్న: "మాది రాయగడ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి రిటర్ను గడువులోపే వేశాను. రూ. 23,410 రిఫండు రావాలి. ఇప్పుడు పోర్టల్‌లో చూస్తే Refund Failed అని ఉంది. రిటర్నులో ఇచ్చిన ఖాతా ఎప్పుడో మూసేశాను, ఆ సంగతి మర్చిపోయాను. ఇప్పుడు నాకున్న ఖాతా పార్వతీపురంలో ఉంది. దానికి తెప్పించుకోవచ్చా? రిటర్ను మళ్ళీ వేయాలా? డబ్బు పోయినట్టేనా?"

జవాబు:

పోలేదండీ. పార్వతీపురం ఖాతాకే తెప్పించుకోవచ్చు, రిటర్ను మళ్ళీ వేయక్కర్లేదు. చేయాల్సినవి రెండే పనులు. ముందు ఆ ఖాతాను పోర్టల్‌లో చేర్చి, దాని పక్కన Validated అని పడేదాకా చూడండి. ఆ తర్వాత Services మెనూలో Refund Reissue అనే చోట అర్జీ పెట్టి, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించండి. రుసుము ఏమీ లేదు, ఏ ఆఫీసుకూ వెళ్ళే పని లేదు. వరస మాత్రం తప్పకూడదు. ఖాతా సంగతి తేలకుండా అర్జీ పెడితే రెండోసారి కూడా వెనక్కి పోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అలా రెండోసారి పోగొట్టుకున్నాకే వస్తారు.

నేను గుణుపురంలో ఇరవై ఏళ్ళుగా రిటర్నులు రాస్తున్నాను. ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి ఇల్లు ఒడిశాలో, ఖాతా ఆంధ్రాలో. పాన్ కార్డు మీద రాయగడ అడ్రసు, పాస్‌బుక్ మీద పార్వతీపురమో పాతపట్నమో ఉంటుంది. దాని గురించి బెంగపడకండి. రిఫండుకు ఖాతా ఏ రాష్ట్రంలో ఉందన్నది ఎవరూ చూడరు. చూసేవి మూడు: ఖాతా బతికి ఉందా, దానికి మీ పాన్ జోడించి ఉందా, ఖాతాలో పేరూ పాన్‌లో పేరూ ఒకటేనా.

ముందు డబ్బు ఎక్కడ ఆగిందో చెబుతాను, తెలిస్తే కంగారు తగ్గుతుంది. మీ రిటర్నును బెంగళూరులోని సీపీసీ, అంటే రిటర్నులన్నీ చూసే ఆదాయపన్ను శాఖ కేంద్రం, చూసి లెక్క ఇలా తేలిందని 143(1) సెక్షన్ కింద ఇంటిమేషన్ పంపుతుంది. రిఫండు మొత్తం తేలాక డబ్బు పంపే పని రిఫండు బ్యాంకరుగా ఉన్న స్టేట్ బ్యాంకుది. అది మీరిచ్చిన ఖాతాకు పంపుతుంది. ఖాతా మూసి ఉంటే మీ పాత బ్యాంకు దాన్ని ఉంచుకోదు, తిప్పి పంపుతుంది. తిరిగొచ్చిన డబ్బు మీ పాన్ పేరనే, ఆ సంవత్సరం లెక్కలోనే ఉంటుంది. పోర్టల్ చూపే Refund Failed అంటే ఇంతే. పూర్వం చెక్కులు వచ్చేవి, పోస్టుమన్ ఇంటికి తెచ్చేవాడు. 2019 మార్చి 1 నుంచి రిఫండు అంతా బ్యాంకు ఖాతాకే, అదీ పాన్ జోడించిన ఖాతాకే. "చెక్కు పంపించమని రాద్దామా" అని ఇప్పటికీ అడిగే పెద్దలున్నారు. ఆ దారి మూసుకుపోయింది.

ఎందుకు ఫెయిలయిందో మీరు ఊహించుకోకండి, పోర్టల్‌నే అడగండి. incometax.gov.in లో పాన్‌తో లాగిన్ అయ్యి, e-File లో Income Tax Returns, అందులో View Filed Returns తెరవండి. ఆ సంవత్సరం దగ్గర View Details నొక్కితే రిటర్ను వేసిన రోజు నుంచి రిఫండు తిరిగొచ్చిన రోజు దాకా మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఫెయిలవడానికి కారణం కూడా అక్కడే ఉంటుంది. ఖాతా మూసేశారనా, ఖాతా నంబరు తప్పనా, పాన్ జోడించలేదనా అన్నదాన్ని బట్టి మీరు చేయాల్సిన పని మారుతుంది. మీది మూసేసిన ఖాతా కాబట్టి పాతదాన్ని బాగుచేసే ప్రసక్తే లేదు, కొత్తదాన్ని సిద్ధం చేసుకోవడమే.

Validated అన్న మాటను ఎంతవరకు నమ్మాలి

అందరూ పడే గొయ్యి ఇదే, కాస్త వివరంగా చెబుతాను. పోర్టల్‌లో ఖాతా పక్కన పచ్చరంగులో Validated అని ఉంటే, సరిచూసిన రోజున అది బాగానే ఉందని అర్థం. ఆ తర్వాత మీరు ఖాతా మూసేసినా, బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయినా, కేవైసీ ఇవ్వక ఖాతా ఆగిపోయినా ఆ పచ్చ గుర్తు అలాగే కూర్చుని ఉండొచ్చు. 2022లో సరిచూసిన ఖాతా 2024లో బతికి ఉందని ఆ గుర్తు చెప్పదు.

మన వైపు ఈ బాధ ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి బ్యాంకులు చాలా కలిసిపోయాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ANDB తో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీలన్నీ పోయి UBIN తో మొదలయ్యేవి వచ్చాయి. 2025 మే 1న ఒడిశాలో ఉత్కళ గ్రామీణ బ్యాంకు, ఒడిశా గ్రామ్య బ్యాంకు కలిసి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అదే రోజున ఆంధ్రలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కూడా ఒకటయ్యాయి. ఖాతా మూయనివాళ్ళకు కూడా ఐఎఫ్ఎస్‌సీ మారిపోవచ్చు. కాబట్టి పాత పాస్‌బుక్ చూసి నంబరు కొట్టకండి. బ్రాంచికి వెళ్ళి ఇవాళ్టి తేదీతో పాస్‌బుక్ మొదటి పేజీ ప్రింటు వేయించుకోండి.

ఐఎఫ్ఎస్‌సీ గురించి ఒక చిన్న మాట. అందులో పదకొండు అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకు పేరువి, అయిదోది ఎప్పుడూ సున్నానే. పాస్‌బుక్‌లో చుక్కల ప్రింటరు వేసిన సున్నాను ఇంగ్లీషు ఓ అనుకుని కొట్టేవాళ్ళు చాలామంది. నెట్ సెంటర్ కుర్రాళ్ళు కూడా ఆ తప్పు చేయడం నా కళ్ళతో చూశాను.

ఒక మేస్త్రీ గారి సంగతి

గుణుపురం దగ్గర ఒక తాపీమేస్త్రీ గారు చిన్న చిన్న సర్కారు పనులు కాంట్రాక్టుకు చేస్తారు. 2023-24లో ఆయనకు వచ్చిన బిల్లులు రూ. 31,26,000. అన్నీ బ్యాంకులోనే పడ్డాయి. ఒక శాతం చొప్పున రూ. 31,260 టీడీఎస్ కోసేశారు. చిన్న వ్యాపారులు రాబడిలో ఇంత శాతం లాభమని అంచనాగా చూపే 44ఏడీ సెక్షన్ కింద ఆరు శాతం లాభం చూపితే ఆదాయం రూ. 1,87,560. కొత్త విధానంలో ఆ ఏడాది మూడు లక్షల దాకా పన్ను లేదు. అంటే కోసిందంతా తిరిగి రావాలి. జూలైలోనే రిటర్ను వేశారు. ఆగస్టు 20న రిఫండు మంజూరయింది.

వడ్డీ కూడా కలిసింది. 244ఏ సెక్షన్ కింద నెలకు అర శాతం. రిటర్ను గడువులో వేస్తే అసెస్‌మెంట్ సంవత్సరం మొదలైన ఏప్రిల్ 1 నుంచి లెక్క, నెలలో ఒక్క రోజున్నా పూర్తి నెల కిందే. ఏప్రిల్ నుంచి ఆగస్టుకు అయిదు నెలలు. వందలోపు చిల్లర వదిలేసి రూ. 31,200 మీద రెండున్నర శాతం వేస్తే రూ. 780. మొత్తం రూ. 32,040 ఆయన పాత ఖాతాకు బయలుదేరింది.

ఆ ఖాతా ఆయన మే నెలలోనే మూసేశారు. కనీస నిల్వ లేదని నెలనెలా కోస్తుంటే విసిగిపోయి మూసేశారట. 2022లో సరిచూసిన ఖాతా కావడంతో పోర్టల్‌లో మాత్రం Validated అనే ఉంది. రిఫండు ఫెయిలయింది. నెట్ సెంటర్‌కు వెళ్తే, అక్కడి కుర్రాడు రీఇష్యూ పేజీ తెరిచి, పచ్చ గుర్తున్న ఆ ఒక్క ఖాతానే ఎంచి, ఓటీపీ కొట్టి, రెండు వందలు తీసుకుని పంపేశాడు. సెప్టెంబరు చివరికి మళ్ళీ ఫెయిల్. అప్పుడు నా దగ్గరికి వచ్చారు. చేతిలో పాలిథీన్ సంచి, అందులో మడతలు పడ్డ కాగితాలు, పంచ్ చేసి రద్దు చేసిన పాత పాస్‌బుక్.

కొత్త ఖాతా ఉందన్నారు. దాన్ని పోర్టల్‌లో చేర్చాను. మర్నాటికి Failed. కారణం పేరు కలవలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా, తర్వాత VENKATA. పాస్‌బుక్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, తర్వాత BENKATA. ఒడియాలో మన 'వ' వినిపించేది 'బ'గా. బ్రాంచిలో ఒడియా ఉద్యోగి ఫారం చూసి కాకుండా పేరు విని కొట్టేశాడు. ఊళ్ళో ఆయన్ని అందరూ బెంకట్ అనే పిలుస్తారు గనక ఆయనకూ అది తప్పుగా అనిపించలేదు. ఈ బెంకట్ కేసు నాకు మొదటిది కాదు. కొరాపుట్, జయపురం, బరంపురం వైపు మీ పేరులో 'వ' ఉంటే ఒకసారి పాస్‌బుక్ తీసి చూసుకోండి. విశ్వనాథం బిశ్వనాథ్ అయి ఉండొచ్చు, వాసు బాసు అయి ఉండొచ్చు.

బ్యాంకులో పేరు సరిచేయమని తెల్ల కాగితం మీద అర్జీ రాయించి, పాన్, ఆధార్ నకళ్ళు జతచేసి పంపాను. ఆధార్‌లోనూ పాన్‌లోనూ పేరు ఒకటే కావడం అదృష్టం. అది కూడా తేడాగా ఉంటే ముందు అక్కడి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. నాలుగు రోజులకు పేరు మారింది. మళ్ళీ సరిచూస్తే మళ్ళీ Failed. ఈసారి కారణం పాన్ జోడించలేదని.

"మొన్ననే పాన్ నకలు ఇచ్చాను కదండీ" అని ఆయన నా మీదే కోప్పడ్డారు. ఇచ్చారు, నిజమే. తర్వాత బ్రాంచి మేనేజరుగారితో మాట్లాడితే అసలు విషయం బయటపడింది. ఈయనకు ఆ బ్యాంకులో రెండు సీఐఎఫ్ నంబర్లున్నాయి. సీఐఎఫ్ అంటే బ్యాంకు ఖాతాదారుకు ఇచ్చే గుర్తింపు నంబరు, ఒక మనిషికి ఒకటే ఉండాలి. పదేళ్ళ క్రితం బంగారం తాకట్టు పెట్టినప్పుడు ఒకటి పుట్టింది, పాన్ దానికి అంటుకుని ఉంది. కొత్త ఖాతా తెరిచినప్పుడు పేరు BENKATA అని కొట్టడంతో కంప్యూటరు ఈయన్ని వేరే మనిషి అనుకుని రెండోది పుట్టించింది. ఒకే పాన్ రెండింటికి ఎక్కించబోతే ఒప్పుకోలేదు. రెండింటినీ ఒకటి చేయమని అర్జీ ఇచ్చాం. దానికి పది రోజులు పట్టింది.

కాబట్టి మీరు బ్యాంకుకు వెళ్ళినప్పుడు "పాన్ లింక్ అయిందా" అని మాత్రం అడగకండి. అయిందనే అంటారు. "ఈ ఖాతా నంబరు కొట్టి, దాని సీఐఎఫ్‌లో నా పేరు, పాన్ ఎలా ఉన్నాయో తెర మీద చూపించండి" అని అడగండి. పాన్ పది అక్షరాలూ, పేరు ప్రతి అక్షరమూ మీ కళ్ళతో చూడండి. రెండు నిమిషాల పని. నేనైతే ఇప్పుడు మా వాళ్ళందరికీ ఆ మాట చీటీ మీద రాసిచ్చి పంపుతున్నాను.

నవంబరు రెండో వారంలో ఖాతా పక్కన Validated పడింది. ఆ రోజే రీఇష్యూ అర్జీ పెట్టాను. డిసెంబరు మొదట్లో డబ్బు పడింది. పడింది రూ. 32,040 మాత్రమే. మధ్యలో గడిచిన మూడు నెలలకు వడ్డీ రాలేదు. మన వల్ల జరిగిన ఆలస్యానికి వడ్డీ ఉండదని 244ఏ సెక్షన్‌లోనే ఉంది. మూసేసిన ఖాతా ఇవ్వడం మన తప్పే కదా. వచ్చిన ఆ రూ. 780 వడ్డీ మాత్రం ఆదాయమే, ఆ ఏడాది రిటర్నులో ఇతర ఆదాయం కింద చూపాలి. రూ. 31,260 ఆదాయం కాదు, అది మీ డబ్బే మీకు తిరిగి వచ్చింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది

లాగిన్ అయ్యాక My Profile లో My Bank Account తెరవండి. Add Bank Account నొక్కి పార్వతీపురం ఖాతా నంబరు, ఖాతా రకం, ఐఎఫ్ఎస్‌సీ ఇవ్వండి. పొదుపు ఖాతా, కరెంటు ఖాతా పనికొస్తాయి. అప్పు ఖాతా, పీపీఎఫ్ ఖాతా పనికిరావు. ఉమ్మడి ఖాతా అయితే మొదటి పేరు మీదే ఉండాలి. భార్య పేరు ముందుండి మీ పేరు వెనకుంటే అది ఇవ్వకపోవడమే మంచిది. ఇంకో సంగతి. అది జన్‌ధన్ రోజుల్లో పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే, అందులో ఏడాదికి మొత్తం లక్ష రూపాయల జమ, ఎప్పుడైనా యాభై వేల నిల్వ దాటకూడదన్న హద్దులుంటాయి. మీ మొత్తం చిన్నదే అయినా, ఆ ఖాతాలో ఇప్పటికే ఎంత ఉందో చూసుకోండి. కేవైసీ పూర్తిచేస్తే ఆ హద్దు పోతుంది.

ఖాతా చేర్చాక పోర్టల్ బ్యాంకును అడిగి సరిచూసుకుంటుంది. కొన్నింటికి నిమిషాల్లో తేలుతుంది, కొన్నింటికి వారం పైగా పడుతుంది. ఫెయిలయితే అదే పేజీలో ఫెయిలయిన ఖాతాల జాబితాలోకి వెళ్తుంది, పక్కన కారణం ఉంటుంది. బ్యాంకులో సరిచేయించాక అక్కడే ఉన్న Re-Validate నొక్కాలి. బ్యాంకులో ఏమీ మార్చకుండా రోజూ దాన్నే నొక్కుతూ కూర్చుంటే ఒరిగేదేమీ లేదు.

ఖాతా పక్కన EVC అని ఇంకో మాట కనిపిస్తుంది. అది ఆ ఖాతా ద్వారా ధ్రువీకరణ కోడ్ తెప్పించుకోవడానికి. దానికి బ్యాంకులో ఉన్న ఫోను నంబరూ పోర్టల్‌లో ఉన్నదీ ఒకటే కావాలి. రిఫండుకు అది అక్కర్లేదు, Validated చాలు. EVC పని చేయలేదని రిఫండు ఆగిపోయిందనుకుని నెలలు గడిపినవాళ్ళున్నారు.

కొత్త ఖాతా సరిపడ్డాక దాన్ని రిఫండుకు నామినేట్ చేసుకోండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. మూసేసిన పాతదాన్ని అక్కడి నుంచి తీసేయండి. ముందు కొత్తది నిలబడాలి, తర్వాతే పాతది తీయాలి. పాతది అలాగే ఉంచితే రేపు మీ రిటర్ను ఇంకెవరైనా వేసినప్పుడు అలవాటుగా దాన్నే ఎంచుతారు.

ఇక అర్జీ. Services లో Refund Reissue, అందులో Create Refund Reissue Request. ఫెయిలయిన సంవత్సరం ఒక వరుసలో కనిపిస్తుంది, దాన్ని టిక్ చేసి ముందుకు వెళ్ళండి. ఖాతాల జాబితా వస్తుంది. అక్కడ ఖాతా నంబరు చివరి నాలుగంకెలు పాస్‌బుక్‌తో పోల్చి చూసి ఎంచండి. Proceed to Verification నొక్కి, ఆధార్ ఓటీపీ ఇచ్చేస్తే ఒక లావాదేవీ నంబరు చూపిస్తుంది. దాన్ని ఫోటో తీసి ఉంచుకోండి. ఓటీపీ ఆధార్‌కు జోడించిన సిమ్‌కే వస్తుంది. ఆ సిమ్ పోయిందంటే, EVC పనిచేసే ఖాతా ద్వారా కోడ్ తెప్పించుకోవాలి, లేదా ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాలి.

Refund Reissue పేజీలో మీ సంవత్సరం కనిపించకపోతే కంగారుపడకండి. డబ్బు తిరిగొచ్చిన సంగతి అక్కడికి ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది. వారం ఆగి చూడండి. అప్పటికీ లేకపోతే పాత సంవత్సరాల బాకీ ఏదైనా ఉండి, 245 సెక్షన్ కింద మీ రిఫండును దానికి సర్దేశారేమో చూడండి. అలా సర్దితే స్టేటస్‌లో ఫెయిల్ అని కాక adjusted అని ఉంటుంది. అది వేరే కథ.

పాన్, ఆధార్ లింకు తెగి ఉంటే ఇవేవీ సాగవు. పాన్ పనిచేయని స్థితిలో ఉన్నంతకాలం రిఫండు ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ కూడా ఉండదు. మీరు 2024లో రిటర్ను వేసి, రిఫండు బ్యాంకు దాకా వచ్చి ఫెయిలయింది కాబట్టి మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా పోర్టల్ మొదటి పేజీలో Link Aadhaar Status అని ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

రివైజ్డ్ రిటర్ను వేయమని ఎవరైనా చెబితే వినకండి. ఖాతా నంబరు మార్చడానికి రివైజ్డ్ రిటర్ను అక్కర్లేదు. వేస్తే మొత్తం రిటర్నును సీపీసీ మళ్ళీ మొదటి నుంచి చూస్తుంది, ఉన్న పని ఇంకా వెనక్కి పోతుంది. రివైజ్ చేయడానికి ఆ అసెస్‌మెంట్ సంవత్సరం డిసెంబరు 31 దాకానే గడువు, మీకు అదెలాగూ దాటిపోయింది. అలా చెప్పేవాళ్ళలో కొందరికి తెలియక, కొందరికి ఫీజు కోసం.

అర్జీ పెట్టి నెల దాటినా కదలిక లేకపోతే, పోర్టల్‌లోనే Grievances కింద Submit Grievance లో సీపీసీకి రాయండి. లావాదేవీ నంబరు, అర్జీ తేదీ, ఖాతా సరిపడిన తేదీ, మూడూ ఒకే వాక్యంలో పెట్టండి. కథంతా రాస్తే జవాబిచ్చేవాడు మొదటి రెండు వరుసలు చదివి సిద్ధంగా ఉన్న సమాధానమేదో అతికించేస్తాడు. ఫోను చేయాలంటే 1800 103 0025 పనిచేస్తుంది, ఉదయం పూట చేస్తే త్వరగా దొరుకుతారు.

ఒక హెచ్చరిక. రీఇష్యూ పెట్టిన వారంలోపే "మీ రిఫండు మంజూరయింది, ఖాతా సరిచూసుకోండి" అంటూ లింకుతో ఒక మెసేజీ రావచ్చు. మీరు అదే పనిలో ఉంటారు గనక నిజమే అనిపిస్తుంది. ఆదాయపన్ను శాఖ మెసేజీలో కార్డు నంబరూ పిన్నూ ఎప్పుడూ అడగదు. ఏదైనా చూడాలంటే మీరే incometax.gov.in టైపు చేసి లోపలికి వెళ్ళండి.

డబ్బు పడ్డప్పుడు పాస్‌బుక్‌లో ITDTAX REFUND అని, దాని పక్కన సంవత్సరం, మీ పాన్ వస్తాయి. ఇక్కడ బ్యాంకు వరుసలో నిలబడి ప్రింటు వేయించుకుని "ఎవరో తెలియనివాళ్ళు ముప్పై రెండు వేలు వేశారండీ" అని మా మేస్త్రీ గారు నాకు ఫోను చేసింది ఆ వరుస చూసే.